నిద్రమందుకు ముందు ఆరు గంటలు, తర్వాత ఒక పగలు, ఒక రాత్రి

పళ్ల డాక్టరు దగ్గర పిల్లవాడికి నిద్రమందు ఇస్తామన్నారని, ఒప్పుకోవాలా వద్దా అని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. ఎండోస్కోపీకి తీసుకెళ్లాల్సిన నానాకు మత్తు ఇస్తారట, ఆయన గుండె తట్టుకుంటుందా అని అడిగేవారూ ఉన్నారు. అందరి భయమూ సూది మీద, మందు మీద, డాక్టరు చేతి మీదే ఉంటుంది. కానీ ఈ మందు ఇచ్చి పని చేసే అరగంటలో రోగి పక్కన డాక్టరు ఉంటాడు, ఆక్సిజన్ ఉంటుంది, వేలికి తొడిగిన మిషను చప్పుడు చేస్తూ ఉంటుంది. వీటిలో ఏదీ లేని సమయం రెండు చోట్ల వస్తుంది. ఆసుపత్రికి బయలుదేరే ముందు ఇంట్లో గడిచే గంటలు ఒకటి, పని అయ్యాక దారిలోనూ ఇంట్లోనూ గడిచే గంటలు రెండోది. ఆ రెండు చోట్లా బాధ్యత ఇంటివాళ్లదే. అందుకే ఈ వ్యాసంలో ఆ గంటల గురించే వివరంగా రాస్తున్నాం.

ఏ మత్తు గురించి చెబుతున్నాం?

మన వాడుకలో మూడు వేర్వేరు పనుల్ని ఒకే ‘మత్తు’ అనే మాటతో చెబుతాం. పన్ను పీకేముందు చిగురులో పొడిచే సూది ఆ చోటును మాత్రమే తిమ్మిరెక్కిస్తుంది. మనిషి పూర్తి మెలకువలోనే ఉంటాడు. పెద్ద ఆపరేషన్‌కు ఇచ్చే పూర్తి మత్తులో మనిషికి స్పృహే ఉండదు, ఊపిరి సంగతి కూడా మత్తు డాక్టరే చూసుకుంటాడు. ఈ రెండింటికీ నడుమ మరొకటి ఉంది. అందులో భయం తగ్గి, కళ్లు బరువెక్కి, పేరు పెట్టి పిలిస్తే పలుకుతూ, తన ఊపిరి తానే తీసుకుంటూ ఉంటాడు. ఇక్కడ మనం మాట్లాడుకునేది ఈ మూడోదాని గురించి. దీనికి ఎక్కువగా వాడే మందు మిడజోలం. నిద్ర మాత్రల్లో మనకు బాగా తెలిసిన డయజిపాం కుటుంబానిదే ఇది. కాకపోతే త్వరగా పనిచేసి త్వరగా దిగిపోతుంది.

పిల్లలకు సాధారణంగా సిరప్‌గా తాగిస్తారు. కొన్నిచోట్ల ముక్కులో చల్లుతారు. పెద్దలకు నరం ద్వారా ఇస్తారు. ఇది నొప్పి మందు కాదు. మిడజోలం ఇచ్చినా చిగురుకు తిమ్మిరి సూది వేయాల్సిందే. ఇది చేసే పని, ఆ సూదికి పిల్లవాడు నోరు తెరిచేలా చేయడం. దీనికి మరో గుణం కూడా ఉంది. మందు ఎక్కిన తర్వాత జరిగినదేదీ చాలామందికి గుర్తుండదు. పిల్లవాడికి అది మేలే. ఇంటికి వెళ్లాక పాటించాల్సిన జాగ్రత్తలు చెప్పేటప్పుడు మాత్రం ఇదే ఇబ్బంది. డాక్టరు చెబుతుంటే మీ నానా బుద్ధిగా తల ఊపుతాడు, గంట తర్వాత ఒక్క మాటా గుర్తుండదు. కాబట్టి ఆ మాటలు వినాల్సింది వెంట వెళ్లినవాళ్లు. వీలైతే కాగితం మీద రాయించుకోవాలి.

ఈ మందు ఎంత ఇస్తున్నామన్నదే కాకుండా, ఇచ్చాక రోగిని ఎవరు కనిపెట్టి ఉన్నారన్నది కూడా ముఖ్యమని ప్రపంచం కష్టపడి నేర్చుకుంది. 1980ల మధ్యలో అమెరికాలో ఇది వాడుకలోకి వచ్చిన తొలి ఏళ్లలోనే పలువురు ఊపిరి ఆగి చనిపోయారు. చాలాసార్లు మందును ఒకేసారి గబగబా ఎక్కించారు, వృద్ధులకు కూడా పడుచువారి మోతాదే ఇచ్చారు, ఊపిరిని గమనించే మనిషిని పక్కన పెట్టలేదు. ఆ తర్వాతే మోతాదులు తగ్గించారు. రోగి ఊపిరినీ గుండెనూ ఎడతెగకుండా గమనించే ఏర్పాటు ఉన్నచోటే వాడాలన్న హెచ్చరికను మందు కాగితం మీద గడి కట్టి అచ్చు వేయించారు. ఆ హెచ్చరిక నేటికీ ఉంది.

ఖాళీ కడుపు ఎందుకు?

అన్నం మెతుకు పొరపాటున గొంతులో అడ్డం పడితే వెంటనే పొలమారుతుంది, దగ్గు వచ్చి అది బయటపడుతుంది. ఊపిరితిత్తులకు కాపలా ఆ దగ్గే. నిద్రమందు ఆ కాపలాను మందగింపజేస్తుంది. కడుపులో ఉన్నది ఆ సమయంలో పైకి వస్తే, దగ్గి బయటకు తోసే శక్తి లేక, పుల్లని జఠర రసంతో కలిసి ఊపిరితిత్తుల్లోకి దిగిపోవచ్చు. ఇలా జరగడం అరుదు. జరిగితే మాత్రం వచ్చే న్యుమోనియా తీవ్రంగా ఉంటుంది. పళ్ల పనిలో నోట్లో నీళ్లు, నెత్తురు, ఉమ్మి కూడా చేరుతాయి కాబట్టి వాంతి వచ్చే అవకాశం కొంచెం పెరుగుతుంది.

ఏది కడుపులోంచి ఎంత త్వరగా దిగిపోతుందన్నదాన్ని బట్టి గంటలు నిర్ణయించారు. మత్తు డాక్టర్లు ఎక్కువగా పాటించే లెక్క రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. మంచినీళ్లలాంటి తేటనైన ద్రవాలకు రెండు గంటలు. తల్లిపాలకు నాలుగు గంటలు. డబ్బాపాలు, ఆవుపాలు, ఇడ్లీలాంటి తేలికైన తిండికి ఆరు గంటలు. మాంసం, నూనె, నెయ్యి ఉన్న తిండికి ఎనిమిది గంటలు. ఈ గంటల్ని పని మొదలయ్యే వేళ నుంచి కాకుండా మందు ఇచ్చే వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి.

‘తేట’ అంటే ఏమిటో ఇంట్లో తేల్చుకోవడానికి ఒక సులువు మార్గం ఉంది. గాజు గ్లాసులో పోసి అవతలి వైపు అచ్చక్షరాలు చదవగలిగితే అది తేట. మంచినీళ్లు, చక్కెర నీళ్లు, గ్లూకోజు నీళ్లు, పాలు కలపని పలుచని టీ ఈ లెక్కలోకి వస్తాయి. పాలు కలిపిన టీ, మజ్జిగ రావు. పాలు చూడటానికి నీళ్లలాగే ఉన్నా కడుపులోకి వెళ్లగానే విరిగి గడ్డకట్టి తిండిలాగే నిలుస్తాయి. రాగిజావ గ్లాసులో తాగేదే అయినా అది తిండే. ‘రెండు బిస్కెట్లే కదా’ అన్నదీ తిండే. జేబులో చాక్లెట్, చూయింగ్ గమ్ కూడా పిల్లవాడి దగ్గర లేకుండా చూడాలి.

రోజా వేరు, ఈ ఖాళీ కడుపు వేరు

మన ఇళ్లలో ‘ఖాళీ కడుపుతో రండి’ అనగానే రోజా గుర్తొస్తుంది. రోజాలో నీటి చుక్క కూడా ముట్టం కదా అని, పిల్లవాడికి రాత్రి తొమ్మిది నుంచి మర్నాడు పదకొండు దాకా నీళ్లు కూడా ఇవ్వరు. ఇది పొరపాటు. మందుకు రెండు గంటల ముందు దాకా నీళ్లు ఇవ్వొచ్చు. ఇవ్వడమే మంచిది. పద్నాలుగు గంటలు ఎండిపోయిన పిల్లవాడికి రక్తంలో చక్కెర తగ్గి చిరాకు పెరుగుతుంది, ఏడుస్తాడు, అవసరమైతే సూది పెట్టడానికి నరం దొరకదు, పని అయ్యాక వాంతులూ ఎక్కువవుతాయి. ఎక్కువసేపు ఎండబెడితే ఎక్కువ క్షేమం అన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

రంజాన్ నెలలో పెద్దలకు అపాయింట్‌మెంట్ పడితే ముందే ఆలోచించుకోవాలి. సహరీ సుమారు అయిదు గంటలకు ముగిసిందనుకుందాం. ఎండోస్కోపీ సాయంత్రం నాలుగింటికి పెట్టుకుంటే, అప్పటికి పదకొండు గంటలుగా నీళ్లు కూడా లేని శరీరానికి నరం ద్వారా మత్తు ఇచ్చినట్టవుతుంది. వయసు మళ్లినవారికి ఆ స్థితిలో బీపీ పడిపోవచ్చు. షుగర్ మందులు వేసుకునేవారికి ఇంకా ప్రమాదం. తొందర లేని పని అయితే పండుగ తర్వాతకు జరుపుకోవడం మేలు. ఆగే వీలు లేకపోతే ఆ రోజు రోజా సంగతి ఏమిటో మౌల్వీ సాబ్‌ను ముందుగానే అడగండి. జబ్బుపడినవారికి ఆ రోజాను మరో రోజు ఉంచుకునే వెసులుబాటు ఉందన్నది మనందరికీ తెలిసిందే. డాక్టరుకు మాత్రం ‘నేను రోజాలో ఉన్నాను’ అని తప్పకుండా చెప్పాలి. షుగర్, బీపీ, గుండె మాత్రల్లో ఏది ఆపాలో, ఏది గుక్కెడు నీళ్లతో వేసుకోవాలో ఆయనే చెప్పాలి. మీ అంతట మీరు ఆపొద్దు.

ఒక బాబు ఉదాహరణ

నగరిలో ఉండే అయిదేళ్ల బాబు అనుకుందాం. బరువు 16 కిలోలు. కింది దవడలో పాలపన్ను ఒకటి పుచ్చి చీము పట్టింది. తిరుపతిలో ఒక పళ్ల ఆసుపత్రిలో సోమవారం ఉదయం 10 గంటలకు నిద్రమందు తాగించి పన్ను తీస్తామన్నారు.

ఆదివారం రాత్రి ఎనిమిదింటికి బాబు అన్నం తిన్నాడు. కుష్కా, కూర ఉన్నా సరే, పది గంటలకు మందు అంటే పద్నాలుగు గంటల ఎడం ఉంది. తెల్లవారాక తిండి లేదు. పాలు తాగాలంటే ఆరు గంటల ముందు, అంటే తెల్లవారుజాము నాలుగింటికే ఆగిపోవాలి. ఆ వేళ పిల్లవాణ్ని లేపి పాలు తాగించేవారెవరూ ఉండరు కాబట్టి పాలూ లేవనుకోవాలి. నీళ్ల గడువు ఎనిమిది గంటలు. నగరి నుంచి పుత్తూరు, రేణిగుంట మీదుగా గంటన్నర దాకా పట్టే ప్రయాణం. ఆరున్నరకు బయలుదేరేటప్పుడు కొన్ని చక్కెర నీళ్లు, దారిలో ఏడూ ముప్పావుకు మరో సగం గ్లాసు ఇచ్చి ఆపేశారు. దారిలో టిఫిన్‌కు ఆగాలనుకుంటే పెద్దలు వంతులవారీగా బాబు కంటపడకుండా తినాలి. ఆకలితో ఉన్న పిల్లవాడి ముందు ఇడ్లీ తింటే అతను ఏడవక ఏం చేస్తాడు? ఒక్క ముక్క చేతిలో పెట్టకుండా మనసెలా ఒప్పుతుంది? చాలా ఇళ్లలో లెక్క తప్పేది ఇక్కడే.

ఆ ముక్క పెట్టేస్తే ఏం చేయాలి? ఆసుపత్రిలో చెప్పేయాలి. ఇంత దూరం వచ్చాం, ఒక రోజు కూలి పోయింది, వెనక్కి పంపేస్తారేమో అని దాచిపెట్టడమే అసలు ప్రమాదం. చెబితే జరిగేది మహా అంటే పని మధ్యాహ్నానికి, లేదా మరో రోజుకు వాయిదా పడటం. తోడొచ్చిన అక్క, చెల్లి ఏమైనా పెట్టారేమో వాళ్లనూ అడగండి.

ఆసుపత్రిలో బాబును తూకం వేశారు. ఇది చూడండి, అడగండి. పిల్లల మోతాదు బరువును బట్టే కాబట్టి ‘పదిహేను, ఇరవై ఉంటాడు’ అన్న అంచనా పనికిరాదు. నోటి ద్వారా సాధారణంగా కిలోకు పావు నుంచి అర మిల్లీగ్రాము ఇస్తారు. కిలోకు అర చొప్పున 16 కిలోల బాబుకు 8 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములు ఉన్న సిరప్ అయితే అది 4 మిల్లీలీటర్లు. ఈ లెక్క మీకు చెప్పింది ఇంట్లో ఇవ్వడానికి కాదు. దారిలో సమయం కలిసొస్తుందని ఇంటి దగ్గరే మందు తాగించి తీసుకురమ్మని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. ఊపిరి మందగిస్తే వెంటనే చూసే మనిషి, ఆక్సిజన్ ఉన్నచోటే ఈ మందు నోట్లో పడాలి.

మందుకు ముందు డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. బాబు రాత్రిళ్లు గట్టిగా గురక పెడతాడా, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడతాడా? టాన్సిల్స్ పెద్దవైన పిల్లలకు ఈ మందుతో గొంతు ఇంకా ఇరుకవుతుంది. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నాయా? ఉంటే పనిని వాయిదా వేయడం మామూలే. ఏయే మందులు వాడుతున్నాడు? ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయోటిక్‌లు మిడజోలంను ఒంట్లో ఎక్కువసేపు నిలిపి మత్తును పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ దాన్ని త్వరగా కరిగించి పనిచేయకుండా చేస్తాయి. మందుల పేర్లు గుర్తులేకపోతే అట్టలు, సీసాలు సంచిలో వేసుకెళ్లండి.

మరో ప్రశ్న కూడా అడగొచ్చు. ‘మీరు పన్ను మీద పని చేస్తుంటే బాబు ఊపిరిని ఎవరు చూస్తుంటారు?’ పన్ను తీసే మనిషి, పిల్లవాణ్ని కనిపెట్టి ఉండే మనిషి వేర్వేరుగా ఉండాలి. మంచి ఆసుపత్రివాళ్లకు ఈ ప్రశ్న కోపం తెప్పించదు.

పదింటికి సిరప్ తాగాక పావుగంట, ఇరవై నిమిషాల్లో బాబు మాట ముద్దగా మారింది, నవ్వుకుంటున్నాడు, తల నిలవడం లేదు. అప్పటి నుంచి అతన్ని నేల మీద నడవనివ్వకూడదు. పదిన్నరకు తిమ్మిరి సూది వేసి, పదకొండుకు లోపల పన్ను తీసేశారు. వందలో కొద్దిమంది పిల్లలకు ఈ మందు ఎదురు తిరుగుతుంది. నిద్రకు బదులు ఏడుపు, తన్నులు, గోల వస్తాయి. అది మొండితనం కాదు. కొట్టకండి, అదలించకండి. మందు దిగేకొద్దీ అదే తగ్గుతుంది. ఇంకొంచెం మందు పోస్తే పడుకుంటాడని అడగడం మాత్రం ప్రమాదం.

ఇంటికి పంపే ముందు చూడాల్సినవి

బాబు కళ్లు తెరిచాడని వెంటనే బయలుదేరకూడదు. పన్ను తీసేటప్పుడు నొప్పి, చప్పుడు, వెలుతురు కలిసి పిల్లవాణ్ని కొంత మెలకువగా ఉంచుతాయి. అవన్నీ ఆగిపోయి, తల్లి ఒడి, చల్లగాలి దొరికిన తర్వాతే మత్తు ముంచుకొస్తుంది. ఆసుపత్రిలో బాగున్న పిల్లవాడు దారిలో ఇబ్బంది పడటానికి కారణం ఇదే. అందుకే డాక్టర్లు ఒక పరీక్ష పెడతారు. అలికిడి లేనిచోట ఎవరూ పలకరించకుండా వదిలేస్తే ఇరవై నిమిషాలైనా తనంతట తాను మెలకువగా ఉండాలి. ఆసరా లేకుండా కూర్చోవాలి. వయసుకు తగ్గట్టు మాట్లాడాలి. పొద్దున ఎలా ఉన్నాడో ఇంచుమించు అలాగే ఉండాలి.

మత్తు ఎక్కువైతే విరుగుడు మందు ఉంది. దాని పేరు ఫ్లుమజెనిల్. అయితే అది సుమారు గంటసేపే పనిచేస్తుంది. మిడజోలం అంతకంటే ఎక్కువసేపు నిలుస్తుంది. విరుగుడు దిగిపోయాక మత్తు మళ్లీ కమ్మవచ్చు. కాబట్టి విరుగుడు ఇచ్చామని చెబితే ఆ రోజు ఆసుపత్రిలో మామూలుకంటే ఎక్కువసేపు, కనీసం రెండు గంటలు ఉండాల్సి వస్తుంది. బస్సు పోతుందని తొందరపెట్టకండి.

దారి

మన ఊళ్లలో అన్నింటికంటే తక్కువగా ఆలోచించేది దీని గురించే. స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని, లేదా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని పిల్లవాణ్ని తీసుకొస్తారు. మామూలు రోజున కూడా అది మంచిది కాదు, నిద్రమందు ఇచ్చిన రోజున అసలే వద్దు. పడిపోతాడన్న భయం ఒక్కటే కాదు. పిల్లల తల ఒంటికి తగ్గట్టు చూస్తే పెద్దది, మెడ మెత్తన. మత్తులో తల ముందుకు వాలి గడ్డం ఎదురురొమ్ముకు తగిలితే, గాలి వెళ్లే దారి మడతపడిన గొట్టంలా మూసుకుపోతుంది. మెలకువలో ఉన్నవాడు ఇబ్బంది తెలిసి తల ఎత్తుకుంటాడు. మత్తులో ఉన్నవాడు ఎత్తుకోలేడు. ముందు చూస్తూ బండి నడిపే తండ్రికి అది కనిపించదు. ‘హాయిగా నిద్రపోతున్నాడు’ అనుకుంటారు.

కారో, ఆటోనో మాట్లాడుకోండి. పెద్దలు ఇద్దరు ఉండాలి. నడిపేవాడు కాక, బాబునే చూస్తూ కూర్చునే మనిషి ఒకరు ఉండాలి. వెనక సీట్లో వీపు ఆన్చి కూర్చోబెట్టి, బెల్టు ఉంటే పెట్టి, తల కాస్త వెనక్కి ఆనేలా పక్కనున్నవారు చేత్తో పట్టుకోవాలి. గడ్డానికీ రొమ్ముకూ మధ్య ఎడం ఉండాలి. ఆ గంటన్నర ఫోను సంచిలోనే ఉండనివ్వండి. బస్సులో, రైల్లో రాక తప్పకపోతే ఆసుపత్రిలో మరికొంతసేపు కూర్చుని, పూర్తిగా తేరుకున్నాకే బయలుదేరండి.

ఇంటికి చేరాక

మన బాబు పన్నెండున్నరకు బయలుదేరి రెండింటికి ఇల్లు చేరాడు. నానీ అతనికి ఇష్టమని బిరియానీ చేసి ఉంచింది. ఆ పూటకు ఆగాలి. ముందు నాలుగు గుక్కల నీళ్లు. పావుగంట, ఇరవై నిమిషాలు చూసి, వాంతి కాకపోతే చల్లారిన మెత్తని ఆహారం కొంచెం కొంచెంగా పెట్టాలి. పన్ను తీసినందువల్ల వేడి, కారం ఆ రోజుకు వద్దు. ఒకసారి వాంతి అయితే కంగారు లేదు. గంట ఆగి మళ్లీ గుక్కలతో మొదలుపెట్టండి. ఆగకుండా అవుతుంటే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

చిగురులో వేసిన సూది తిమ్మిరి రెండు మూడు గంటలు ఉంటుంది. పెదవి మొద్దుబారి కొత్తగా ఉండటంతో పిల్లలు దాన్ని కొరుకుతారు, నమిలేస్తారు. నొప్పి తెలియదు. సాయంత్రానికి పెదవి వాచి పుండవుతుంది. తల్లులు దాన్ని చూసి పన్ను తీసినచోట చీము పట్టిందని భయపడతారు. తిమ్మిరి పోయేదాకా నమిలే తిండి పెట్టకుండా, పెదవి కొరక్కుండా చూస్తే ఆ బాధ ఉండదు.

బాబు నిద్రపోతానంటే పడుకోనివ్వొచ్చు. వెల్లకిలా కాక పక్కకు తిప్పి, తలకింద ఎత్తు దిండు లేకుండా పడుకోబెట్టండి. వాంతి వచ్చినా పక్కకు పోతుంది. మంచమైతే దొర్లి పడవచ్చు, చాపే మంచిది. మొదటి రెండు గంటలు ఎవరో ఒకరు అదే గదిలో ఉండి పావుగంటకోసారి చూడాలి. రొమ్ము తేలిగ్గా ఎగసి దిగుతోందా? పెదవుల లోపలి రంగు, నాలుక రంగు ఎర్రగా ఉందా? పేరు పెట్టి పిలిచి భుజం తడితే, పగటి నిద్రలో కదిలినట్టు కదులుతున్నాడా, కళ్లు తెరుస్తున్నాడా? ఈ మూడూ సరిగా ఉంటే నిద్ర నిద్రే.

గట్టిగా కుదిపినా లేవకపోవడం, గురకతో పాటు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకోవడం, ఊపిరి ఆగి ఆగి రావడం, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే అది నిద్ర కాదు. వెంటనే గడ్డం కింద వేళ్లు పెట్టి తలను కొద్దిగా వెనక్కి, గడ్డాన్ని పైకి ఎత్తండి. చాలాసార్లు దాంతోనే గాలి దారి తెరుచుకుంటుంది. ఇంకొకరు 108కు ఫోన్ చేయాలి. లేపాలని ముఖాన నీళ్లు కొట్టడం, నోట్లో నీళ్లో టీయో పోయడం చేయకండి. అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి.

నొప్పికి డాక్టరు రాసిన పారాసిటమాల్ ఇవ్వొచ్చు. ఇంట్లో మిగిలిన జలుబు సిరప్, దగ్గు సిరప్ ఆ రోజు ఇవ్వొద్దు. వాటిలో చాలావాటిలో నిద్ర పుట్టించే మందు ఉంటుంది. పాత మత్తు, కొత్త మత్తు కలుస్తాయి. సాయంత్రానికి బాబు చురుగ్గా కనిపించినా కాలు తడబడుతుంది. మేడ మెట్లు, మిద్దె మీద గాలిపటం, సైకిల్, నీళ్ల తొట్టి దగ్గర ఆట మర్నాటికి వాయిదా వేయండి. స్నానాల గదికి ఒంటరిగా పంపకండి. మర్నాడు మామూలుగా ఉంటే బడికి వెళ్లొచ్చు.

పెద్దలకు ఇదే మందు ఇస్తే

ఎండోస్కోపీకో, జ్ఞానదంతం తీయడానికో పెద్దలకు ఈ మందును నరం ద్వారా కొద్దికొద్దిగా, ఆగి చూసుకుంటూ ఇస్తారు. అరవై దాటినవారికి ఒక మిల్లీగ్రాముతోనే కళ్లు మూతలు పడవచ్చు. పడుచువారికి సరిపోయే మోతాదు వారికి ఎక్కువే. ఒంట్లో ఉన్న మందులో సగం పోవడానికి పెద్దవారిలో సుమారు రెండు మూడు గంటలు పడుతుంది. వయసు మళ్లినవారిలో, కాలేయ జబ్బు ఉన్నవారిలో ఇంకా ఎక్కువ. మధ్యాహ్నానికి తమకు బాగానే ఉందనిపిస్తుంది కానీ, చేతి వేగం, కంటి చురుకు మామూలుకు వచ్చి ఉండవు.

అందుకే 24 గంటల నియమం పెట్టారు. ఆ 24 గంటలు బండి నడపకూడదు. నగరిలో మరో మాట కూడా చేర్చాలి. ఆ రోజు రాత్రి షిఫ్టుకు మరమగ్గం దగ్గరికి వెళ్లకూడదు. తెగిన పోగు అందుకోవడానికి నడుస్తున్న మగ్గంలోకి చెయ్యి చాచే పనిలో అర సెకను ఆలస్యం చాలు, వేలు పోవడానికి. ఒక షిఫ్టు కూలి పోతుందని ముందే తెలుసు కాబట్టి, మర్నాడు సెలవు దొరికే రోజునే అపాయింట్‌మెంట్ తీసుకోండి. వంటింట్లో పొయ్యి మీద మరిగే నూనె కూడా అంతే. ఎండోస్కోపీ చేయించుకున్న అమ్మీని ఆ సాయంత్రం వంటకు నిలబెట్టొద్దు. ఆ రోజు చీటీ పాట మీద, అప్పు పత్రం మీద, రిజిస్ట్రేషన్ కాగితం మీద సంతకం వద్దు. చేసిన సంగతి మర్నాటికి గుర్తుండకపోవచ్చు. నిద్ర మాత్ర, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్ర రోజూ వేసుకునేవారు ఆ రాత్రి వేసుకోవాలా వద్దా అన్నది ఆసుపత్రిలోనే అడిగి రావాలి. మద్యం ఆ రోజు విషంతో సమానం.

రాత్రి ఇంట్లో ఒంటరిగా ఉండకూడదు. కొడుకులు గల్ఫ్‌లో, కూతుళ్లు అత్తవారింట ఉండి ఒంటరిగా కాలం గడిపే పెద్దలు మన మహల్లాల్లో ఎందరో ఉన్నారు. తోడు వచ్చేవారు లేరని తెలిస్తే ఆసుపత్రివాళ్లు మత్తు ఇవ్వడానికి ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అలాంటివారు ఎండోస్కోపీని గొంతులో తిమ్మిరి స్ప్రేతో, మత్తు లేకుండా కూడా చేయించుకోవచ్చు. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది కానీ ఆ ఇబ్బంది కొన్ని నిమిషాలే. లేదా పక్కింటివారు ఒకరు ఆ పగలూ ఆ రాత్రీ తోడుండే ఏర్పాటు చేసుకోవాలి. ఆ తోడుండే మనిషికి అప్పగించాల్సిన పని పెద్దదేమీ కాదు. దారిలో మెడ వాలకుండా చూడటం, ఇంట్లో పావుగంటకోసారి పేరు పెట్టి పిలవడం, పలక్కపోతే గడ్డం ఎత్తి 108కు ఫోన్ చేయడం.